క్యాలెండర్‌లో 29, పూజ మాత్రం 28 రాత్రి: అమావాస్య, పున్నమి లెక్క ఇదీ

పోస్టు కొంచెం పొడుగుంటది. తీరిక ఉన్నప్పుడు చదువుండ్రి.

మా హాస్టల్ల ఒక చర్చ మళ్లీ మళ్లీ వస్తది. మన పండగలు, ఒక్కపొద్దులు, జాతరలు అన్నీ అమావాస్యకో పున్నమికో ఎందుకు పెట్టిన్రు అని. రెండు జవాబులు గట్టిగా వినిపిస్తయి. ఒకాయన అంటడు, "ఏం లేదు, మూఢనమ్మకం. లైట్లు లేని కాలంల చీకటికి భయపడి పెట్టుకున్నరు." ఇంకొకాయన ఫోన్‌ల వచ్చిన మెసేజ్ చూపిస్తడు, "సముద్రానికి పోటు వస్తది కదా, మన ఒంట్ల కూడా నీళ్లే ఎక్కువ, చంద్రుడు వాటిని గుంజుతడు, అందుకే ఆ రోజు ఒక్కపొద్దు ఉండాలె. ఇది సైన్సు." మొదటాయన మన పెద్దల్ని తక్కువ చేస్తున్నడు. రెండో ఆయన వాళ్లకు అక్కర లేని గొప్ప అంటగడుతున్నడు. నేను చదువుతున్నది బీఎస్సీ ఫిజిక్స్. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. చంద్రుణ్ణి చూసి రోజు చెప్పుడు మాత్రం మా తాత దగ్గర నేర్చుకున్న. ఆయనకు చదువు రాదు. ఈ రెండూ కలిపి నాకు అర్థమైంది మీ ముందర పెడుతున్న.

ముందుగాల చంద్రుడు ఎందుకు పెరుగుతడు, ఎందుకు తరుగుతడు అన్నది చూద్దాం. చానామంది డిగ్రీ పిల్లలు కూడా "భూమి నీడ పడుతది" అంటరు. అది గ్రహణం సంగతి. నెల నెలా పెరుగుడు తరుగుడుకు నీడతో సంబంధం లేదు. మీ రూంలనే చూసుకోవచ్చు. రాత్రి అన్ని లైట్లు బంద్ చేసి, తల ఎత్తున ఒక్క బల్బు ఉంచుండ్రి. అది సూర్యుడు. పెన్ను కొసకు ఒక టెన్నిస్ బాల్ గుచ్చి చెయ్యి చాపి పట్టుకోండ్రి. అది చంద్రుడు. మీ తలకాయ భూమి.

బల్బు వైపు మొహం పెట్టి బాల్‌ను బల్బు దిక్కు పట్టుకుంటే, వెలుగు పడ్డ భాగం బల్బు వైపే ఉంటది, మీకు చీకటి భాగం కనబడుతది. అది అమావాస్య. ఇప్పుడు చెయ్యి అట్లనే ఉంచి మెల్లగ ఎడమ దిక్కు తిరుగుండ్రి. బాల్ కుడి అంచున సన్నటి వెలుగు గీత వస్తది. అదే నెలవంక. పావు చుట్టు తిరిగే సరికి సగం బాల్ వెలుగుతది. సగం చుట్టు తిరిగి బల్బుకు వీపు పెట్టినప్పుడు, బాల్‌ను తల కంటే కొంచెం పైకి ఎత్తి చూడుండ్రి. నిండా వెలుగుతది. అది పున్నమి. ఎత్తకుండా చూస్తే మీ తల నీడ బాల్ మీద పడుతది. అదీ చంద్రగ్రహణం. అసలు చంద్రుడి దారి భూమి దారికి సుమారు 5 డిగ్రీలు వంగి ఉంటది కాబట్టి, చానా పున్నములకు చంద్రుడు మన నీడకు కొంచెం పైనుంచో కిందనుంచో పోతడు. అందుకే ప్రతి పున్నమికీ గ్రహణం రాదు.

అంటే చంద్రుడు ఎప్పుడూ సగం వెలుగుతూనే ఉంటడు. ఆ సగంలో మనకు ఎంత కనబడుతదన్నదే తేడా. ఒక అమావాస్య నుంచి ఇంకో అమావాస్యకు సగటున 29 రోజుల 13 గంటలు పడుతది. తెలుగులో "నెల" అంటే చంద్రుడు, నెల అంటే ముప్పై రోజుల లెక్క కూడా. నెలవంక, వెన్నెల అన్న మాటల్ల ఆ పాత అర్థం ఇంకా ఉంది. మా ఇంట్ల గోండిలో చంద్రుణ్ణి నెలెంజ్ అంటం. ఊరిని బట్టి పలుకుడు కొంచెం మారుతది గాని మాట ఒక్కటే. నెల అన్న లెక్క ఆకాశంలోనుంచే వచ్చిందని భాషే చెప్తున్నది.

ఇగ చదువు రాని మనిషి రోజు ఎట్ల చెప్తడు? మా తాత చూసేది మూడే. చంద్రుడు ఏ పూట కనబడుతున్నడు, ఏ దిక్కు ఉన్నడు, ఎంత నిండిండు.

పొద్దు గూకంగానే పడమర దిక్కు సన్నగ కనబడితే పెరిగే చంద్రుడు. తెల్లారుజామున తూర్పు దిక్కు సన్నగ కనబడితే తరిగే చంద్రుడు, అమావాస్య దగ్గర పడ్డది. పొద్దు గూకేటప్పుడు సగం చంద్రుడు నడినెత్తి దగ్గర ఉంటే అమావాస్య పోయి వారం అయింది. అర్ధరాత్రి దాకా చంద్రుడు రాక, తర్వాత సగం మొహంతో పొడిస్తే పున్నమి పోయి వారం అయింది. చంద్రుడు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగ పొడుస్తడు కాబట్టే ఇట్ల లెక్క దొరుకుతది.

పున్నమిది ఇంకా సులువు. అటు పొద్దు గూకుతుంటే ఇటు చంద్రుడు పొడుస్తడు. రెండూ ఎదురెదురుగ ఉంటయి. గుండ్రంగ ఉన్నడా లేదా అని మొహం చూసి చెప్పబోతే మోసపోతం. ఎందుకంటే పున్నమి ముందు రోజు, తర్వాత రోజు కూడా చంద్రుడు నిండుగనే కనబడుతడు. పొడిచే టైం చూడాలె. ఇంకా పొద్దు ఉండంగనే చంద్రుడు తూర్పున బాగ పైకి వచ్చి ఉన్నడంటే పున్నమి రేపు. పొద్దు గూకి బాగ చీకటి పడ్డాక పొడిచిండంటే పున్నమి అయిపోయింది. ఒక్క జాగ్రత్త ఉంది. తూర్పున గుట్ట ఉన్న ఊళ్లల్ల చంద్రుడు గుట్ట దాటి వచ్చే సరికి ఆలస్యమైతది, ఒక రోజు తప్పు పడొచ్చు. అందుకే మా తాత ఇంటి ముందు నుంచి కాదు, చేను గట్టు మీదికి పోయి చూస్తుండె. వానాకాలం మబ్బు పడితే అసలే కనబడదు. శ్రావణ అమావాస్యకు ఎడ్ల పొలాల పండగ చేస్తం కదా, అప్పుడు ఆకాశం సాయం చెయ్యదు. వెనక చూసిన పున్నమి నుంచి రాత్రులు లెక్క పెట్టుకోవాల్సిందే.

ఇప్పుడు మనందరికీ తెలిసిన కేస్లాపూర్ నాగోబా జాతర తీసుకుందాం. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌ల పుష్య అమావాస్య రాత్రి మెస్రం వాళ్లు మహాపూజ చేస్తరు. పూజ ఒక్క రాత్రి గాని, దానికి తయారీ పుష్య నెల నెలవంక కనబడ్డప్పుడే మొదలైతది. పెద్దలు కూడుడు, ఎడ్లబండి మీద ఊరూరికీ కబురు పంపుడు, సిరికొండ కుమ్మరుల దగ్గర కుండలకు చెప్పుడు, తర్వాత జన్నారం మండలం కలమడుగు దగ్గర హస్తినమడుగు దాకా చెప్పులు లేకుండా నడిచి పోయి గోదావరి జలం తెచ్చుడు. వాపస్ వచ్చి ఇంద్రవెల్లిల ఇంద్రాదేవికి పూజ చేసి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద ఆగి, అమావాస్య రాత్రి ఆ జలంతో పూజ చేస్తరు.

దీన్ని ఆకాశంతో కలిపి చూడుండ్రి. మొదటి నెలవంక కనబడితే పని మొదలు, చంద్రుడు పూర్తిగ మాయమైన రాత్రి పని పూర్తి. మధ్యల ఒక నిండు పున్నమి. మొత్తం ఒక చంద్రుడి చుట్టు. నడిచేటోళ్లకు ఇంకా ఎన్ని రోజులు మిగిలినయో ప్రతి రాత్రి పైకి చూస్తే తెలుస్తది. ఊళ్లల్ల ఉన్న చుట్టాలకు ఎప్పుడు బయలెల్లాలో కూడా అదే చంద్రుడు చెప్తడు. కాగితం మీద రాసిన షెడ్యూలు అవసరం లేదు.

2025 లెక్క చూద్దాం, ఎందుకంటే అది నాకు సెలవు దగ్గర అడ్డం వచ్చిన లెక్క. డిసెంబర్ 31 తెల్లవారుజామున నాలుగు గంటల ప్రాంతంల అమావాస్య ఘడియ అయిపోయింది. ఆ సాయంత్రానికి చంద్రుడి వయసు 14 గంటలే. అంత లేత చంద్రుడు సూర్యుడి వెలుగుల కలిసిపోతడు, కంటికి దొరకడు. జనవరి 1 సాయంత్రానికి 38 గంటలైతది, అప్పుడు పడమర దిక్కు సన్నగ కనబడుతడు. జనవరి 13 పున్నమి. మహాపూజ జనవరి 28 మంగళవారం రాత్రి.

మేం మెస్రం వాళ్లం కాదు గాని, మా మేనత్త ఆ ఇంటి కోడలు. ఆ ఏడు మా బావ పెళ్లయింది, కొత్త కోడలికి బేటింగ్ ఉండె. పూజ అయినాక కొత్త కోడళ్లను నాగోబాకు, పెద్దలకు పరిచయం చేసేదే బేటింగ్. దానికి పోవాలని నేను సెలవు చీటీ రాసిన. ఆఫీసుల సారు గోడ క్యాలెండర్ చూసి, "అమావాస్య 29 అని ఉంది కదా. 28న నీకు ఏం పని? 29 ఒక్క రోజు పో" అన్నడు. 29 పొద్దున బస్సు ఎక్కితే పూజ, బేటింగ్ రెండూ అయిపోయి ఉంటయి.

సారు తప్పు చదవలేదు. క్యాలెండర్ కూడా తప్పు కాదు. తిథికి, తేదీకి తేడా ఉంది. తేదీ అర్ధరాత్రికి మారుతది. తిథి మారేది చంద్రుడు సూర్యుడి కంటే 12 డిగ్రీలు ముందుకు జరిగినప్పుడు. 30 తిథులైతే 360 డిగ్రీలు, ఒక చుట్టు పూర్తి. చంద్రుడి దారి పూర్తి గుండ్రం కాదు. భూమికి దగ్గరున్నప్పుడు ఉరుకుతడు, దూరమున్నప్పుడు మెల్లగ నడుస్తడు. అందుకే ఒక తిథి 20 గంటలల్లనే అయిపోవచ్చు, ఇంకోటి 26 గంటల దాకా ఉండొచ్చు. పొద్దున మొదలు కావచ్చు, రాత్రి మొదలు కావచ్చు.

ఆ ఏడు అమావాస్య తిథి 28 సాయంత్రం ఏడున్నర దాటినంక మొదలై, 29 సాయంత్రం ఆరు దాటినంక అయిపోయింది. గోడ క్యాలెండర్ పొద్దు పొడిచేటప్పుడు ఏ తిథి ఉంటే ఆ రోజు డబ్బాల అదే రాస్తది. 29 పొద్దున అమావాస్య ఉంది కాబట్టి 29 డబ్బాల అమావాస్య అని అచ్చు వేసిన్రు. కాని మన పూజ రాత్రిది. అమావాస్య ఉన్న రాత్రి ఏది? 28 రాత్రే. 29 రాత్రికి అప్పటికే పాడ్యమి వచ్చేసింది. ఇదంతా నేను కాగితం మీద రెండు గీతలు గీసి సారుకు చూపించిన. ఆయన ఓపికగ చూసిండు. "ఇట్ల కూడా ఉంటదా" అని రెండు రోజులు సెలవు రాసిచ్చిండు. ఇదే లెక్క మీకూ పనికొస్తది. క్యాలెండర్‌ల తిథి పేరు కింద చిన్న అక్షరాలల్ల అది ఎన్ని గంటల దాకా ఉంటదో రాసి ఉంటది. రాత్రి పండగ అయితే ముందు రోజు డబ్బా కూడా చూడుండ్రి.

ఇంకో ప్రశ్న కూడా హాస్టల్ల అడుగుతరు. "మీ జాతర ఏటా తేదీ మారుతదేంది?" అని. నాగోబా మహాపూజ 2023ల జనవరి 21, 2024ల ఫిబ్రవరి 9, 2025ల జనవరి 28, 2026ల జనవరి 18. చూస్తే ఎగుడుదిగుడుగ ఉంది. కాని రోజులు లెక్క పెడితే వరుస బయటపడుతది.

పన్నెండు చంద్ర నెలలు కలిపితే 354 రోజులు. సూర్యుడి ఏడాది 365 రోజులు. ఏటా 11 రోజులు తక్కువ పడుతది. అందుకే 2024 ఫిబ్రవరి 9 నుంచి 2025 జనవరి 28కి, అక్కడి నుంచి 2026 జనవరి 18కి పది పన్నెండు రోజులు వెనక్కి జరిగింది. ఇట్లనే వదిలేస్తే కొన్నేండ్లకు పుష్య మాసం వానాకాలంల పడుతది. పత్తి ఏరుడు, జొన్న కోతలు ఒక కొలిక్కి వచ్చినంక జరిగే జాతర, నాట్ల కాలంల వస్తే ఎవరు పోతరు? అందుకే సుమారు 32, 33 నెలలకు ఒకసారి ఒక నెల ఎక్కువ కలుపుతరు. అదే అధిక మాసం. 2023ల శ్రావణం రెండుసార్లు వచ్చింది. ఆ నెల కలిసే సరికి 2023 జాతరకు, 2024 జాతరకు నడుమ 13 నెలలు, అంటే 384 రోజులు పడ్డయి. తేదీ ఒక్కసారి 19 రోజులు ముందుకు దుంకింది. 2026ల జ్యేష్ఠం రెండుసార్లు ఉంది, కాబట్టి 2027ల జాతర మళ్లీ ఫిబ్రవరి మొదటి వారానికి వస్తది. గుర్తు పెట్టుకునే సూత్రం ఇంతే. మామూలు ఏడాది అయితే పోయిన తేదీలోంచి 11 తియ్యాలె, నడుమ అధిక మాసం ఉంటే 19 కలపాలె. ఒక రోజు అటూ ఇటూ తేడాతోని సరిపోతది.

ఇది మన దగ్గరే కాదు. మనం నాగోబా దగ్గర ఉన్న ఆ 2025 అమావాస్యకే ప్రయాగల కుంభమేళా మౌని అమావాస్య స్నానాలు. మనకు పుష్య అమావాస్య, వాళ్లకు మాఘ అమావాస్య. చంద్రుడు ఒక్కడే, రాత్రులూ అవే. మనం అమావాస్యకు నెల ముగిస్తం, ఉత్తరాది వాళ్లు పున్నమికి ముగిస్తరు, అందుకే పేరు మారింది. చైనా వాళ్ల కొత్త సంవత్సరం కూడా అదే జనవరి 29న వచ్చింది. కాని 2026ల వాళ్లది ఫిబ్రవరి 17న, మన జాతర జనవరి 18న. వాళ్లు ఎక్కువ నెలను 2025లనే కలుపుకున్నరు, మనకు 2026ల వచ్చింది. ముస్లింల లెక్కల ఎక్కువ నెల కలుపుడే లేదు. అందుకే రంజాన్ ఏటా 11 రోజులు వెనక్కి జరుగుకుంట, సుమారు 33 ఏండ్లల్ల అన్ని కాలాలు తిరిగి వస్తది. మన దేశంల 2024ల మార్చి 12న, 2025ల మార్చి 2న మొదలైంది. వాళ్ల ఉపవాసం నెలవంకను కంటితో చూసినంక మొదలు, మళ్లీ నెలవంకను చూసినంక ముగింపు. శ్రీలంకల ప్రతి పున్నమికీ ప్రభుత్వ సెలవు ఉంటది, బౌద్ధులు ఆ రోజు నియమంగ ఉంటరు.

మేడారంది ఇంకో తీరు. కోయ అన్నలు అక్కలు నాకంటే బాగ చెప్తరు. రెండేండ్లకోసారి మాఘ పున్నమి దగ్గర జరుగుతది. కాని వారాలు మారవు. బుధవారం సారలమ్మ గద్దెకు వస్తది, గురువారం సమ్మక్క వస్తది, శనివారం వనప్రవేశం. 2024ల ఫిబ్రవరి 21 నుంచి 24, శనివారం నాడే పున్నమి. 2026ల జనవరి 28 నుంచి 31, పున్నమి తెల్లారి ఆదివారం. అంటే ఏ వారం అన్నది చంద్రుడు చెప్తడు, ఏ రోజు అన్నది వారం చెప్తది. పున్నమికి ముందు నాలుగు రోజులంటే పొద్దు గూకే సరికే ఆకాశంల పెద్ద చంద్రుడు ఉంటడు, రాత్రి చానాసేపు ఉంటడు. అడవి దారుల ఎడ్లబండ్ల మీద పిల్లాజెల్లాతో వచ్చేటోళ్లకు కరెంటు లేని రోజుల్ల దానికంటే మంచి దీపం ఏముంటది? ఇంకో సంగతి. సగం చంద్రుడి వెలుగు పున్నమి వెలుగుల సగం ఉండదు, పదో వంతే ఉంటది. అష్టమి నాటి వెన్నెలకు, పున్నమి నాటి వెన్నెలకు అంత తేడా.

ఇగ మొదటి ప్రశ్నకు వద్దాం. ఎందుకు ఈ రెండు రోజులే? నా జవాబు ఇది. గుంపుగ చేసే పనికి అందరికీ ఒకే రోజు తెలవాలె. రాత, ఫోను, క్యాలెండర్ లేకుండ, దూరం దూరం గూడేల్ల ఉన్నోళ్లకు, ఒకరినొకరు అడగకుండనే ఒకే రోజు తెలిసే గుర్తు ఏది? సూర్యుడు రోజూ ఒక్క తీరుగనే ఉంటడు. చుక్కల జాగ మెల్లగ మారుతది. చంద్రుడు ఒక్కడే రోజుకో మొహం చూపిస్తడు, అందుల తప్పు పడకుండ పట్టుకోగలిగేవి రెండు కొసలు, నిండుడు, మాయమైపోవుడు. ఒక్కపొద్దుకు కూడా ఇదే కారణం. ఒక్కపొద్దు ఎవరి ఇంట్ల వాళ్లు ఉంటరు, ఎవరూ గంట కొట్టరు. అయినా అందరూ ఒకే రోజు ఉంటేనే అది ఊరి నియమం అయితది. ఆ గంట కొట్టే పని చంద్రుడు చేస్తడు.

దీనికి పాత సాక్ష్యం బౌద్ధుల వినయ పిటకంల ఉంది. మగధ రాజు బింబిసారుడు బుద్ధుని దగ్గరికి పోయి, వేరే మతాల సాధువులు పక్షంల ఎనిమిది, పద్నాలుగు, పదిహేను రోజుల్ల కూడి మాట్లాడుతున్నరు, జనం వాళ్ల దగ్గరికి పోతున్నరు, మన భిక్షువులు కూడా ఆ రోజుల్ల కూడితే మంచిది అని చెప్తడు. బుద్ధుడు సరే అంటడు. చూడుండ్రి, అక్కడ చంద్రుడి మహిమ గురించి ఒక్క మాట లేదు. జనం ఆ రోజు కూడుతరు కాబట్టి మనమూ ఆ రోజే కూడుదాం అన్నదే కారణం. ఆదివారాలు లేని కాలంల అమావాస్య, పున్నమి సెలవు దినాలు కూడా. అమావాస్యకు నాగలి కట్టొద్దు అన్నప్పుడు ఎడ్లకు నెలకో రోజు ఖాయంగ ఆరాం దొరుకుతది.

ఒంట్ల నీళ్లను చంద్రుడు గుంజుతడన్న మెసేజ్ సంగతి చెప్పి ఈ భాగం ముగిస్తా. పోటు రావడానికి కారణం చంద్రుడు నీళ్లను గుంజుడు ఒక్కటే కాదు. భూమికి చంద్రుని వైపున్న కొసను ఎక్కువ, అవతలి కొసను తక్కువ గుంజుతడు. ఆ తేడా వల్ల పోటు వస్తది. భూమి అడ్డంగ సుమారు 12,700 కిలోమీటర్లు ఉంటది కాబట్టి తేడా కనబడుతది. మనిషి ఆరడుగులు. తల దగ్గరికి, కాళ్ల దగ్గరికి గుంజుడుల తేడా భూమికి ఉన్న దాంట్ల డెబ్బై లక్షల వంతు కూడా ఉండదు. మీ ఊరి బాయిల పున్నమికి నీళ్లు పైకి లేస్తయా? బిందెల నీళ్లు పొంగుతయా? లేవు. బాయికే లేనిది మన కడుపుల ఎట్ల ఉంటది? మన పెద్దలు చెప్పింది నిజం అని నిలబెట్టడానికి ఈ అబద్ధం అవసరం లేదు. కాలేజీల ఎవడన్నా దీన్ని కొట్టిపడేస్తే, దాంతోపాటు మన పద్ధతిని కూడా కొట్టిపడేసినట్టు అయితది. అది మనకే నష్టం.

మన వాళ్లు చంద్రుడితో దాచుకున్నది పండగలే కాదు. కుమ్రం భీం ఎప్పుడు చనిపోయిండు? పుస్తకాలల్ల ఒక దగ్గర 1940 సెప్టెంబర్ అని, ఇంకో దగ్గర అక్టోబర్ అని ఉంటది. పరీక్షల కోసం చదివేటోళ్లు దీని మీద కొట్లాడుతుంటరు. జోడేఘాట్‌ల మాత్రం వర్ధంతి ఏటా ఆశ్వయుజ పున్నమికే చేస్తరు. 2024ల అది అక్టోబర్ 17న వచ్చింది, 2025ల అక్టోబర్ 7న వచ్చింది. అప్పుడు ఆ గుట్టల్ల ఇంగ్లీషు క్యాలెండర్ ఎవరింట్ల ఉంది? చూసినోళ్లు, విన్నోళ్లు పున్నమి అని గుర్తు పెట్టుకున్నరు, పిల్లలకు అట్లనే చెప్పిన్రు. తేదీ మీద పుస్తకాలు తగువు పడుతున్నయి, పున్నమి మీద జనానికి తగువు లేదు.

ఒక పని చేద్దాం. గ్రూపుల మనం గోండు, కోయ, కోలాం, లంబాడా, ఇంకా చాలా మందిమి ఉన్నం. ఎవరి ఊళ్ల పండగ ఏ నెల, పెరిగే చంద్రుడా తరిగే చంద్రుడా, ఎన్నో రోజు, పగలా రాత్రా అన్నది ఇంటి పెద్దలను అడిగి ఇక్కడ రాయండ్రి. ఇంగ్లీషు తేదీ రాయొద్దు, అది ఏటా మారుతది. అన్నీ వచ్చినంక వచ్చే సంవత్సరానికి తేదీలు నేను కట్టి పెడతా, రాత్రి పండగలకు ఏ రాత్రో కూడా చూసి రాస్తా. సెమిస్టర్ మొదట్లనే ఆ లిస్టు మన మన హాస్టల్ వార్డెన్లకు ఇద్దాం. ఎవరి ఇంట్ల బేటింగ్ ఉన్నా, ఎవరి గూడెంల పూజ ఉన్నా, ముందు రోజు ఆఫీసు ముందర నిలబడి బతిమాలే పని ఉండదు. తాతలు, అవ్వలు ఉన్నోళ్లు ఈసారి ఇంటికి పోయినప్పుడే అడుగుండ్రి.